గొట్టా బ్యారేజీకి ఒక కబురు

గుణుపురం పైన, ఒడిశా కొండల్లో వాన వదలకుండా కురుస్తూ ఉండటంతో వంశధార పొంగింది. శ్రీకాకుళంలోని నీటిపారుదల కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా పనిచేసే కూర్మారావును హిరమండలం దగ్గరి గొట్టా బ్యారేజీకి వరద విధుల మీద పంపారు. గంటగంటకూ నీటిమట్టం చూసి, గేట్ల నుంచి దిగువకు ఎన్ని క్యూసెక్కులు వదులుతున్నదీ రిజిస్టరులో రాసి, వైర్‌లెస్ సెట్‌లో శ్రీకాకుళానికి చదివి వినిపించడం అక్కడ అతని పని. వానకు తడిసి పాడవుతుందని లాప్‌టాప్‌ను ఇంట్లోనే వదిలి వెళ్లాడు.

బయలుదేరే ముందు అతడు పశువుల పాకలోకి వెళ్లి ఆవు గంగడోలు నిమిరాడు. అది నిండుచూలుతో ఉంది, తొలిచూలు. దూడగా ఉన్నప్పుడే దాని తల్లి చనిపోతే, రాత్రిళ్లు లేచి సీసాతో పాలు పట్టి పెంచింది అతడే. నాలుగో తరగతి చదువుతున్న కొడుకు తేజను దగ్గరికి పిలిచి, "నేను తిరిగి వచ్చేలోగా ఆవు ఈనితే నాకు వెంటనే కబురు చెయ్యాలి. ఆ పని నీదే" అని అప్పగించాడు. పిల్లలకు పని అప్పగించేటప్పుడు పెద్దవాళ్లు దాన్ని సగం ముద్దుగానే అంటారు. పిల్లలు మాత్రం దాన్ని పూర్తిగా పనిగానే తీసుకుంటారు.

మరునాడు తెల్లవారకముందే ఆవుకు నొప్పులు మొదలయ్యాయి. పొద్దు బారెడెక్కేసరికి ఈనింది. తల్లి రాజేశ్వరి దూడ ముక్కు, నోరు శుభ్రం చేసి గోనెపట్టాతో ఒళ్లు తుడిచింది. నాయనమ్మ పాక గుమ్మంలో కూర్చుని, "ఓలమ్మా, ఎంత సక్కగుందో!" అని మురిసిపోతూ, మాయ పడేదాకా కుక్కలు లోపలికి రాకుండా కర్ర పట్టుకుని కాపలా కాసింది. తేజ తల్లి ఫోన్ తీసుకుని తండ్రికి చేశాడు. కలవలేదు. హిరమండలం వైపు టవరు పనిచేయడం లేదని అంతకుముందే ఎవరో చెప్పారు. మళ్లీ మళ్లీ చేసినా అదే మాట వినిపించింది.

"సాయంత్రం మళ్లీ చేద్దాంలే" అంది రాజేశ్వరి, చేతులు కడుక్కుంటూ.

తేజకు సాయంత్రం దాకా ఆగడం తప్పనిపించింది. తండ్రి గదిలోకి వెళ్లి లాప్‌టాప్ తెరిచాడు. రోజూ వరద నివేదిక పంపే మెయిల్ మూయకుండా అలాగే ఉంది. కింద ఉన్న పెట్టెలో ఏది రాసి మీట నొక్కినా అది ఆఫీసుకు చేరుతుందని, ఆఫీసుకు చేరినది నాన్నకు చేరుతుందని తండ్రి పక్కన కూర్చుని చూసి చూసి తెలుసుకున్నాడు. కూర్మారావు తెలుగు టైపింగు ఆలస్యంగా నేర్చుకున్నవాడు కావడంతో ప్రతి మీట మీదా తెలుగు అక్షరాల స్టిక్కర్లు అంటించుకున్నాడు. అచ్చులూ గుణింతపు గుర్తులూ ఎడమ చేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడి చేతి వైపు. కొన్ని స్టిక్కర్ల అంచులు లేచిపోయి నల్లబడ్డాయి. సున్నా ఉన్న మీట మీద సగం కాగితమే మిగిలింది. తేజ ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ, మీట మీద పైన ఉన్న అక్షరాలకు షిఫ్ట్ మీటను ఎడమ బొటనవేలితో అదిమి పట్టి, చాలాసేపు కష్టపడి రాశాడు. తెరమీద ఇంగ్లీషు అక్షరాలు పడుతున్నా వాడికి అనుమానం రాలేదు. తాను నొక్కినవి తెలుగు అక్షరాలే కనుక వెళ్లేది కూడా తెలుగే అని నమ్మి పంపేశాడు. ఆ తర్వాత బదులు కోసం అక్కడే కూర్చున్నాడు.

కార్యాలయంలో ఆ మెయిల్ ఇలా కనబడింది:

```
Ebg Rvfxof vevdve je
```

వరద గదిలో ఉన్నవాళ్లకు గుండె జారిపోయినంత పని అయింది. పంపినది కూర్మారావు పేరు. కూర్మారావు ఉన్నది గొట్టా బ్యారేజీ మీద. పైగా అది ముందురోజు పంపిన వరద నివేదికకు జవాబుగా వచ్చింది. గేట్ల దగ్గర ఏదో జరిగి, తొందరలో కొట్టిన సమాచారం దారిలో చెదిరిపోయిందేమోనని సూపరింటెండెంటు అనుమానించారు. కంప్యూటర్ ఆపరేటరేమో, ఎవరో పాస్‌వర్డు దొంగిలించి ఉంటారని, దాన్ని ఎవరూ ముట్టుకోవద్దని హెచ్చరించాడు. వైర్‌లెస్‌లో గొట్టాను పిలిస్తే గరగర తప్ప మాట అందడం లేదు. ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు ఈఈ గారు కుర్చీలోంచి లేచి వచ్చి తెర ముందు నిలబడ్డారు.

సీనియర్ అసిస్టెంటు సింహాచలం గారు ఆ వరుసను కళ్లద్దాలు సర్దుకుని రెండుసార్లు చదివారు. ఆయన ఉద్యోగంలో చేరినప్పుడు తెలుగు టైప్‌రైటర్ మీద పనిచేశారు. కంప్యూటర్లు వచ్చాక ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు మీటల అమరిక నేర్చుకుని, స్టిక్కర్లు లేని కీబోర్డు మీద చూపు పెట్టకుండా ఉత్తర్వులు కొట్టేవారు. అక్షరాలు గుర్తుకు రావడానికి ఆయనకు కళ్ల కంటే వేళ్లే ముందుండేవి.

"సార్, ఇది చెదిరిపోయిన రాత కాదు. మధ్యమధ్య పెద్దక్షరాలు ఊరికే పడవు. తెలుగు మీటలు నొక్కారు, భాష మార్చడం మరిచిపోయారు" అన్నారు.

ఆయన పక్క కంప్యూటరు ముందు కూర్చుని కీబోర్డును తెలుగులోకి మార్చి, తెరమీది ఇంగ్లీషు అక్షరాలు చూస్తూ అవే మీటలు వరుసగా నొక్కారు. అందరూ ఆయన భుజం మీదుగా వంగి చూస్తుండగా ఒక్కో అక్షరమే తేలింది.

ఆవు ఈనింది నాన్నా రా

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. బ్యారేజీకి ఏమీ కాలేదన్న నిబ్బరం ముందు సూపరింటెండెంటు ముఖంలో కనిపించింది. ఈఈ గారు ఆ వాక్యాన్ని పైకి చదివి, "కూర్మారావుకు కొడుకున్నాడా?" అని అడిగారు. ఉన్నాడని, నాలుగో తరగతని సింహాచలం గారు చెప్పారు. తన కింద పనిచేసే మనిషి ఇంట్లో ఏ సందర్భాన్ని వదిలి గేట్ల మీద నిలబడ్డాడో ఈఈ గారికి ఆ క్షణం దాకా తెలియదు. ఆ సంగతి ఆయన మనసును బాగా తాకిందని, తర్వాత ఆయన చేసిన పనిని బట్టి అందరికీ అర్థమైంది.

పదకొండు గంటల రీడింగు వేళకు వైర్‌లెస్ అందుకుంది. కూర్మారావు గొంతు వానహోరులోంచి అంకెలు చదివింది. రాసుకోవడం అయ్యాక ఈఈ గారే సెట్ తీసుకున్నారు.

"కూర్మారావూ, మీ అబ్బాయి కబురు పంపాడు. మీ ఆవు ఈనిందట."

అవతల నుంచి కొంతసేపు వాన చప్పుడే వచ్చింది. తర్వాత, "పెయ్యా సార్, కోడెదూడా?" అని వినిపించింది.

ఆ ప్రశ్నకు వరద గదిలో ఎవరి దగ్గరా జవాబు లేదు. ఈఈ గారు సింహాచలం గారిని కూర్చోబెట్టి, ఆ మెయిల్‌కు బదులు తానే చెప్పి రాయించారు: "తేజా, నీ కబురు మీ నాన్నగారికి అందింది. పెయ్యా, కోడెదూడా అని అడుగుతున్నారు. రేపు పొద్దున్న ఆయన స్థానంలో వేరొకరిని పంపుతున్నాం. మధ్యాహ్నానికి ఇంటికి వస్తారు."

జవాబు రావడానికి ఆలస్యమైంది. వచ్చినది ఇంతే:

```
hz/d/
```

ఈసారి సింహాచలం గారు మీటలు నొక్కలేదు. ఒడిలో ఉన్న వేళ్లు కొద్దిగా కదిలాయి. సెట్ అందుకుని గొట్టాను పిలిచి, "పెయ్యేనయ్యా" అన్నారు.