సీటు వదులుకుంటూ అసోసియేట్ డీన్ గారికి రాసిన లేఖ

పొలాస,
29 అక్టోబర్ 2025.

గౌరవనీయులైన అసోసియేట్ డీన్ గారికి,
వ్యవసాయ కళాశాల, పొలాస,
జగిత్యాల జిల్లా.

విషయం: బీఎస్సీ ఆనర్స్ అగ్రికల్చర్ మొదటి సంవత్సరంలో నాకు కేటాయించిన సీటును వదులుకోవడం, నా ఒరిజినల్ సర్టిఫికెట్లు తిరిగి ఇప్పించవలసిందిగా విన్నపం.

అయ్యా,

నమస్కారం. నేను ఈ సంవత్సరం ఎప్‌సెట్ ర్యాంకు ఆధారంగా జరిగిన కౌన్సెలింగ్ రెండో విడతలో రైతు కోటా కింద మన కళాశాలలో సీటు పొంది, సెప్టెంబర్ 22న చేరిన విద్యార్థినిని. మొన్న, అంటే 27వ తేదీ సాయంత్రం, మిగిలిన ఖాళీల కోసం జరిపిన విడతలో కోరుట్ల పశువైద్య కళాశాలలో బీవీఎస్సీ సీటు నాకు కేటాయించినట్టు తెలిసింది. 31వ తేదీ సాయంత్రంలోగా అక్కడ రిపోర్ట్ చేయాలి. అందువల్ల ఇక్కడి నా సీటును నా ఇష్టపూర్వకంగా, మా నాన్నగారి అంగీకారంతో వదులుకుంటున్నానని ఈ లేఖ ద్వారా తెలియజేస్తున్నాను. ఆయన సంతకం కూడా చివర ఉంది.

వెబ్ ఆప్షన్లు పెట్టిన రోజున నా మొదటి ఆప్షన్ బీవీఎస్సీయే. అది రాకపోతే అగ్రికల్చర్ చదవాలని ఇంట్లో అనుకున్నాం. మెరుగైన సీటు వచ్చింది కాబట్టి వెళ్తోందని ఆఫీసులో రాసుకుంటారేమో కానీ, మెరుగు అనే మాట నా కోరికకు సంబంధించినదే తప్ప ఈ కోర్సుకూ ఈ కళాశాలకూ సంబంధించినది కాదని మీకు చెప్పుకోవాలని ఉంది. నాలుగేళ్లలో పూర్తయ్యే చదువును వదిలి, ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు పట్టే చదువుకు వెళ్తున్నానంటే మా ఇంట్లోనే ఒకరిద్దరు ఒప్పుకోలేదు. అయితే మాకున్న రెండెకరాల కంటే, పాకలో ఉన్న నాలుగు గేదెలే మా ఇంటిని నడిపించిన రోజులు చాలా ఉన్నాయి. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా వాటిలో ఒకటి ఈనలేక రాత్రంతా బాధపడి తెల్లవారేసరికి చనిపోయింది. దూడ అడ్డం తిరిగిందని పొద్దున వచ్చిన డాక్టర్ గారు చెప్పారు. ఆ రాత్రి మా అమ్మ దాని పక్కనే కూర్చుని ఉన్న తీరు నాకు ఇంకా కళ్ల ముందు కనిపిస్తుంది. కోరుట్ల ఆర్డర్ చేతికి వచ్చినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది అదే.

ఈ విషయాన్ని 31వ తేదీ దాకా బయటపెట్టకుండా ఉండమనీ, అక్కడ చేరి కుదురుకున్నాక ఇక్కడికి చెప్పవచ్చనీ తెలిసినవారు కొందరు సలహా ఇచ్చారు. నాకది సరైనదిగా అనిపించలేదు. ఇక్కడి ఈ సీటు నాకెలా వచ్చిందో నాకు తెలుసు. మొదటి విడతలో నాకు ఏ సీటూ రాలేదు. ఎంబీబీఎస్ కేటాయింపులు మొదలయ్యాక, అంతకుముందు అగ్రికల్చర్‌లో చేరినవారిలో కొందరు అటు వెళ్లడంతో సీట్లు ఖాళీ అయ్యాయి. వాటిలో ఒకటి నా వరకు వచ్చింది. ఎవరో నాకు తెలియని మనిషి సకాలంలో తప్పుకున్నందువల్ల నేను మీ తరగతి గదిలో కూర్చున్నాను. ఇప్పుడు నేను తప్పుకునే సీటు కోసం కూడా, రోజుకు పదిసార్లు ఫోన్‌లో వెబ్‌సైట్ తెరిచి చూసుకునే ఒక అమ్మాయో అబ్బాయో ఎక్కడో ఉండి ఉంటారు. ఇంకో విడత కౌన్సెలింగ్ జరిగే అవకాశం ఉన్నందున, ఈ సీటును ఈరోజే ఖాళీగా చూపించి విశ్వవిద్యాలయానికి తెలియజేయవలసిందిగా మిమ్మల్ని ప్రత్యేకంగా కోరుతున్నాను. ఈ లేఖలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన విన్నపం ఇదే.

ఇక సర్టిఫికెట్ల సంగతి. చేరిన రోజున నేను సమర్పించిన పదో తరగతి, ఇంటర్మీడియట్ మార్కుల మెమోలు, ఆరో తరగతి నుంచి ఇంటర్ వరకు ఉన్న స్టడీ సర్టిఫికెట్లు, ఇంటర్ కళాశాల ఇచ్చిన టీసీ, కుల ధ్రువీకరణ పత్రం, రైతు కోటా కోసం జతచేసిన పత్రాలు కళాశాల ఆఫీసులో ఉన్నాయి. 31వ తేదీన కోరుట్లలో ఇవే ఒరిజినల్స్ చూపించవలసి ఉన్నందున రేపు మధ్యాహ్నంలోగా వాటిని, వాటితో పాటు ఇక్కడి నుంచి రిలీవ్ చేసినట్టు ఒక ఉత్తర్వును ఇప్పించగలరని ప్రార్థిస్తున్నాను. వాటిని తీసుకోవడానికి మా నాన్నగారు కూడా వస్తారు. సమయం చాలా తక్కువగా ఉన్నప్పుడు అడుగుతున్నందుకు మన్నించండి, కేటాయింపు వెలువడినదే రెండు రోజుల క్రితం.

లైబ్రరీ నుంచి తీసుకున్న రెండు పుస్తకాలనూ నిన్ననే తిరిగి ఇచ్చి నో డ్యూస్ రాయించుకున్నాను. గుర్తింపు కార్డును ఈ లేఖతోనే అప్పగిస్తున్నాను. హాస్టల్ గది తాళంచెవి రేపు ఉదయం వార్డెన్ మేడమ్‌కు ఇస్తాను. చెల్లించిన ఫీజులో ఎంత తిరిగి వస్తుందన్నది విశ్వవిద్యాలయ నిబంధనల ప్రకారం మీరే నిర్ణయించండి, దాని గురించి మాకు ఏ అభ్యంతరమూ లేదు. మెస్ డిపాజిట్‌గా కట్టిన 8,000 రూపాయల్లో ఈ నెల భోజన ఖర్చు పోగా మిగిలినది మా నాన్నగారి బ్యాంకు ఖాతాలో వేయిస్తే చాలు. ఖాతా వివరాలు, రసీదు నకలు జతచేశాను.

అయ్యా, ఐదు వారాలు పెద్ద కాలం కాదు, అందులో దసరా సెలవులు కూడా ఉన్నాయి. కానీ ఈ కొద్ది రోజుల్లో ఈ కళాశాల నుంచి నేను తీసుకువెళ్తున్నది తక్కువ కాదు. చేరిన రోజున మా నాన్నగారు మీ గది బయట చెప్పులు విడిచి నిలబడితే, మీరే బయటికి వచ్చి ఆయన్ను లోపలికి పిలిచి కూర్చోబెట్టి, ఈసారి పత్తి ఎలా ఉందని అడిగారు. వర్షాలకు గూడ రాలిపోతోందని ఆయన చెబితే ఏం చేయాలో ఒక కాగితం మీద రాసి ఇచ్చారు. ఆ కాగితం ఇప్పటికీ ఆయన చొక్కా జేబులోనే ఉంటుంది. ఆ సాయంత్రం తిరుగు ప్రయాణంలో బస్సు ఎక్కేముందు, బిడ్డను మంచి చోటే వదిలిపెట్టి వెళ్తున్నానని ఆయన నాతో అన్నారు.

ఆగ్రానమీ మేడమ్‌కు నేను చెప్పుకోవలసిన కృతజ్ఞతలు వేరుగా ఉన్నాయి. రైతు బిడ్డను కదా, పొలం పని నాకు కొత్తగా నేర్పేదేముందని మొదటి వారం నాలో కొంచెం పొగరు ఉండేది. నా ప్లాటులో మొక్కజొన్న విత్తే రోజున సాళ్ల మధ్య 60, మొక్కల మధ్య 20 సెంటీమీటర్లు ఉండాలని తాడు పట్టి గుర్తులు పెట్టమంటే, మా ఊళ్లో కంటిచూపుతోనే వేస్తామని నేను అనేశాను. మేడమ్ కోప్పడలేదు. సగం ప్లాటు నీ కంటిచూపుతో, సగం తాడుతో వెయ్యి, మొలిచాక లెక్కపెడదామన్నారు. మొలిచాక లెక్కపెట్టాం. నా కంటిచూపు వైపు కొన్ని చోట్ల మొక్కలు గుంపుగా, కొన్ని చోట్ల ఖాళీగా ఉన్నాయి. ఆ ఖాళీల్లో మళ్లీ విత్తనం పెట్టించి, గుంపుల్లో ఎక్కువైనవి పీకించి, ఆ తేడా అంతా రికార్డులో రాయించారు. నాకు మొదటి నుంచీ తెలుసని అనుకున్న పనినే కొలిచి చూడాలన్న సంగతి నేను అక్కడ నేర్చుకున్నాను. గేదెకు మందు ఇచ్చే రోజు వచ్చినా ఈ అలవాటు నాకు పనికొస్తుందనే నమ్ముతున్నాను.

వసతి గృహంలో రెండో సంవత్సరం అక్కలు మమ్మల్ని చూసుకున్న తీరు కూడా చెప్పాలి. మొదటి రాత్రి ఇంటి మీద బెంగతో నిద్రపట్టక వరండాలో కూర్చుంటే, ఒక అక్క ఏమీ అడగకుండా పక్కన కూర్చుని తన పాత రికార్డు పుస్తకం తెచ్చి బొమ్మలు ఎలా గీయాలో చూపించింది. సీనియర్ల గురించి ఊళ్లో విని వచ్చిన భయాలన్నీ ఆ రాత్రితోనే పోయాయి. వార్డెన్ మేడమ్‌కు, మెస్‌లో వండి పెట్టేవారికి, పొలంలో మాకు పనిముట్లు అందించి ఒక్కోసారి మా తప్పులను మేడమ్ చూడకముందే సరిచేసిన ఫీల్డ్ సిబ్బందికి నా నమస్కారాలు అందజేయండి. అందరినీ స్వయంగా కలవడానికి రేపు వీలు దొరకకపోవచ్చు.

కోరుట్ల కూడా ఈ జిల్లాలోనే ఉంది కాబట్టి దూరం వెళ్తున్నానన్న బాధ నాకు ఎక్కువగా లేదు. పశువులకు మేత పండించే విషయంలో నాకు సందేహం వచ్చిన రోజున మన పొలానికి వచ్చి అడిగితే కాదనరన్న ధైర్యంతోనే వెళ్తున్నాను.

చివరగా ఒక చిన్న మనవి. నా ప్లాటు నంబరు 23. అందులో మొక్కజొన్న ఇప్పుడు నాలుగో ఆకు వేస్తోంది. తూర్పు వైపు రెండు సాళ్లలో లేత ఆకుల మీద చిన్న చిన్న రంధ్రాలు నిన్న సాయంత్రం కనిపించాయి. కత్తెర పురుగు అయి ఉండవచ్చని నా అనుమానం. మొవ్వులో చూడమని నా పక్క ప్లాటు స్నేహితురాలికి చెప్పాను, మేడమ్‌కూ చెప్పాను. నా స్థానంలో చేరేవారికి ఆ ప్లాటునే ఇస్తే, నా రికార్డు పుస్తకం కూడా వారికే ఇవ్వమని మేడమ్ దగ్గర ఉంచి వెళ్తున్నాను. విత్తిన తేదీ, వేసిన ఎరువు, నీళ్లు పెట్టిన రోజులు అన్నీ అందులో ఉన్నాయి. కంటిచూపుతో వేసిన సగం ఏదో కూడా గుర్తుపెట్టి ఉంచాను, వారు వచ్చాక దిగుబడి తేడా చూసి రాసుకోవచ్చు. గుర్తు పలక మీద నా పేరు తుడిచేసి ప్లాటు నంబరు మాత్రం ఉంచాను.

ఇట్లు,
మీ విధేయురాలు,
బి. శ్రావ్య,
బీఎస్సీ ఆనర్స్ అగ్రికల్చర్, మొదటి సంవత్సరం,
బాలికల వసతి గృహం, గది నంబరు 14.

నా కుమార్తె తీసుకున్న పై నిర్ణయానికి నా పూర్తి అంగీకారం ఉంది.
తండ్రి సంతకం: బి. రాజయ్య

జతపరిచినవి: కోరుట్ల పశువైద్య కళాశాల సీటు కేటాయింపు ఉత్తర్వు నకలు, ఇక్కడి సీటు కేటాయింపు ఉత్తర్వు నకలు, లైబ్రరీ నో డ్యూస్ పత్రం, మెస్ డిపాజిట్ రసీదు నకలు, బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీ నకలు, గుర్తింపు కార్డు.