తీపి నీటి అడుగున ఉప్పునీరు: కోనసీమ తీరంలో బోర్లు ఎందుకు ఉప్పెక్కుతున్నాయి

(డాక్టరేట్ సిద్ధాంత గ్రంథానికి, నిధులిచ్చినవారి కోసం, సామాన్య పాఠకుల కోసం రాసిన సారాంశం)

కోనసీమ తీర గ్రామాల్లో ఇసుక పొరల్లోకి దించే చిన్న బోర్లయిన ఫిల్టర్ పాయింట్లు కొన్నింటి నీళ్లు సార్వాలో తియ్యగా, వేసవిలో ఉప్పగా ఉంటాయి. ఉప్పెక్కితే బోరును ఇంకాస్త లోతుకు దించుతారు. ఈ ప్రాంతంలో చాలాచోట్ల ఆ పనే నష్టం చేస్తోందన్నది ఈ పరిశోధనలో తేలిన ముఖ్య విషయం.

కారణం నీటి బరువులో ఉంది. సముద్రపు నీరు మంచినీటికన్నా సుమారు 2.5 శాతం బరువెక్కువ. అందుకే ఇసుక పొరల్లో మంచినీరు పైన తేలి, ఉప్పునీరు అడుగున ఉంటుంది. భూగర్భ నీటిమట్టం సముద్రానికి 1 మీటరు ఎత్తున ఉంటే, లెక్క ప్రకారం మంచినీరు సముద్రమట్టం కింద దాదాపు 40 మీటర్ల దాకా నిలుస్తుంది. మట్టం అర మీటరు పడితే, కాలక్రమేణా ఉప్పునీరు 20 మీటర్లు పైకొస్తుంది. లోతు బోరును ఆపకుండా తోడితే సరిగ్గా దాని కిందే ఉప్పునీరు గోపురంలా లేస్తుంది.

రెండేళ్లపాటు 36 ఫిల్టర్ పాయింట్లలో ఏడాదికి మూడుసార్లు నీళ్లు పరీక్షించాం: కాలువలు కట్టేసిన వేసవిలో, సార్వా నడుమ, దాళ్వా చివర. నేల లోపలి పొరలు తెలుసుకోడానికి నాలుగు ఇనుప కడ్డీలు దిగ్గొట్టి, బయటి రెండింటి గుండా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజి కొలిచాం. ఉప్పునీటి పొర కరెంటును సులువుగా పోనిస్తుంది. బంకమట్టీ అంతే, డెల్టాలో దానికి కొదవలేదు! మీటరునే నమ్మితే మంచి పొరనూ ఉప్పుపొరగా రాసేస్తాం. అందుకని ప్రతి కొలతనూ దగ్గర్లో బోరు వేసినప్పుడు పైకొచ్చిన మట్టితో సరిచూశాం. మట్టి వివరం దొరకని చోట్లను పటంలో చేర్చలేదు.

బోర్లు రెండు రకాలుగా కనిపించాయి. కాలువ వెంబడి ఉన్నవి నీళ్లు వదిలిన కొన్ని వారాలకే తేరుకుంటాయి. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువలు పొలాలతోపాటు భూగర్భాన్నీ నింపుతున్నాయని ఇవి చూపిస్తున్నాయి. శివారు భూముల్లో, మురుగు కాలువల పక్కన ఉన్నవి మాత్రం ఏడాదంతా ఉప్పగానే ఉన్నాయి. అక్కడ స్లూయిస్ తలుపులు సరిగ్గా మూయకపోతే పోటు నీరు మురుగు కాలువలోకి ఎదురెక్కి పక్క పొలాల్లోకి ఇంకుతుంది. తలుపుల మరమ్మతు కొత్త బోరుకన్నా ముందు జరగాల్సిన పని.

రొయ్యల చెరువుల వాటా ఎంతో ఈ కొలతలతో తేల్చలేం. చెరువు నీరూ సముద్రానిదే కనుక రసాయన పరీక్షలో రెండూ ఒకేలా కనిపిస్తాయి.

రైతులకు వెంటనే పనికొచ్చేది ఒకటుంది. చేతి మీటరులో సాగునీటి విద్యుత్ వాహకత, అంటే నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత, 2000 µS/cm దాటితే, వరి దిగుబడి తగ్గడం మొదలవుతుందని లెక్క. ఆ దశలో లోతు పెంచకుండా, మోటారును రోజూ తక్కువ గంటలు, విరామాలిచ్చి నడపాలి. వీలైతే ఒక లోతు బోరు బదులు తక్కువ లోతులో రెండు మూడు పాయింట్లు వేసుకోవాలి.

ఏడాదికి మూడు కొలతల్లో పోటుపాట్ల ప్రభావం దొరకదు. తర్వాతి దశలో ఆరు బోర్లలో గంటగంటకూ మట్టాన్నీ ఉప్పునూ నమోదు చేసే పరికరాలు దించడానికి నిధులు కోరుతున్నాం.