విరాళాల లేఖ: సవరించిన ప్రతి

బడిపిల్లల కళ్లద్దాలకు విరాళాలడుగుతూ మీరు రాసిన లేఖలో మొదటి పేరా తీసేశాను. "ఎందరో పిల్లలు చదువుకు దూరమవుతున్నారు" అంటే కళ్లముందు ఎవరూ కనబడరు. నాలుగో పేరాలో మరుగున పడ్డ అమ్మాయిని పైకి తెచ్చాను:

"ఏడో తరగతి అమ్మాయి. బోర్డు మీద అక్షరాలు అలికినట్టు కనిపిస్తుంటే, రెండేళ్లు పక్కమ్మాయి నోటుపుస్తకం చూసి రాసుకుంది. జూన్‌లో మా శిబిరంలో కళ్లు పరీక్షించి అద్దాలిచ్చాం. ఇప్పుడు వెనక బెంచీ నుంచే చదువుతోంది. అదే బడిలో ఇంకా 40 మందికి అద్దాలు కావాలి. జత 600 రూపాయలు. ఆగస్టు 31లోగా ఒక జతకు డబ్బు పంపుతారా? 40 జతలు దాటి వచ్చిన ప్రతి రూపాయీ తర్వాతి శిబిరానికే వెళ్తుంది."

"మీకు తోచినంత" కూడా తీసేశాను; ఎంతివ్వాలో తేల్చుకోలేక లేఖను పక్కన పెట్టేస్తారు. విరాళం, వాలంటీరు పని, పదిమందికి పంచడం అని మూడు అడిగారు. మొదటిదే ఉంచాను. సంతకం కింద తా.క.లో 600, ఆగస్టు 31 మళ్లీ రాయండి, చాలామంది చూపు ముందు అక్కడే పడుతుంది.

600లో పరీక్ష ఖర్చు కలిసిందో లేదో లెక్కల వాళ్లనడగండి. ఆ అమ్మాయి తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి చేతికొచ్చేదాకా అచ్చుకు పంపకండి.