కొట్టం మూల

హారిక పేపర్‌ని ఆ సాయంత్రం బయటికి తీసింది మళ్లీ దిద్దడానికి కాదు, జిరాక్స్ తీయించడానికి. ప్రీ ఫైనల్ లెక్కల్లో నూటికి నూరు. పేపర్ ఎలా రాయాలో చూసి నేర్చుకోండని పదో తరగతి పిల్లలందరికీ తలా ఒక కాపీ ఇవ్వాలని మా హెడ్మాస్టర్ గారి ఆలోచన. పేపర్ సంచిలో పెట్టుకుని బండి మీద కందుకూరు బయల్దేరాను.

ఫిబ్రవరి నెల. మా వైపు బేరన్లలో పొగాకు కాలే కాలం. ఊరు దాటేదాకా ఆ ఘాటు ముక్కుని వదలదు. ఈ నెలలో పిల్లల్ని బడికి రప్పించడమే ఒక ఉద్యోగం. ఆకు కోతకో, కర్రలకు ఆకు కుట్టడానికో తల్లిదండ్రులు తీసుకుపోతారు. అడిగితే "రెండు రోజులే సార్" అంటారు. ఆ రెండు రోజులు మార్చి దాకా సాగుతాయి.

ఊరి చివర పెంచలయ్య వాళ్ల ఇల్లు. నా క్లాసే, చివరి బెంచీ. వాళ్ల కొట్టం దగ్గర బండి ఆపింది వాడి కోసం కాదు, ఫోన్ మోగిందని. మాట్లాడుతూ ఊరికే అటు చూస్తున్నాను. కొట్టం మూలనున్న గుంజకి తాడు కట్టి ఉంది, బర్రె మాత్రం కనపడలేదు. తాడు బిగుసుకుని కొట్టం పక్కగోడ పొడవునా పోయి, వెనక మూల దగ్గర మలుపు తిరిగింది. ఎన్నాళ్లుగా ఒరుసుకుందో, ఆ మూలన మట్టిగోడ నున్నగా తేలి, తాడు పట్టేంత గాడి పడింది. రెండడుగులు వేసి తొంగి చూశాను. బర్రె వెనకాల మేస్తోంది. తొట్టి నీళ్లు పారే తావు కాబట్టి గరిక బాగా ఉంది. మూల దగ్గర విసనకర్ర పరిచినట్టు నేల బోడిగా ఉంది. అక్కడ గీత గీసినట్టు ఆగిపోయి, అవతల మళ్లీ పచ్చగా.

ఫోన్లో అవతలి మనిషి "హలో, హలో" అంటున్నాడు. పెట్టేశాను.

ఎందుకంటే పేపర్లో నాలుగు మార్కుల లెక్క ఒకటుంది. పది మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు ఉన్న కొట్టం. బయటివైపు ఒక మూలన ఎనిమిది మీటర్ల తాడుతో గేదెని కట్టారు. అది మేయగలిగే చోటు వైశాల్యం ఎంత? మూల దగ్గర పావు భాగం కొట్టమే కాబట్టి వృత్తంలో ముప్పావు. ¾ × 22/7 × 64 = 150.86 చదరపు మీటర్లు. కీలో ఉన్నది అదే. హారిక రాసిందీ అదే, బొమ్మ వేసి, రంగు పెన్సిల్‌తో గీతలు కూడా గీసి మరీ.

కానీ వెడల్పు ఆరు, తాడు ఎనిమిది. గోడ వెంట ఆరు మీటర్లు పోయాక ఇంకో రెండు మిగుల్తుంది. ఆ రెండూ మూల తిరుగుతుంది. అక్కడ రెండు మీటర్ల వ్యాసార్ధంతో ఇంకో పావు వృత్తం. అంటే 48π కి ఒక π కలిపి, 49π. ఏడుతో కొట్టేస్తే సరిగ్గా 154.

బండి సీటు మీదే కాగితం పెట్టి రెండుసార్లు చేశాను. దశాంశాలేవీ లేకుండా ఎంత శుభ్రంగా వచ్చిందో! శుభ్రంగా వచ్చినందుకే ఇంకా చిరాకేసింది. ఈ 154ని నేను ఎక్కడో చూశాను, చూసి ఎర్ర పెన్నుతో కొట్టేశాను కూడా.

జిరాక్స్ మానేసి బడికి తిరిగొచ్చాను. కట్ట విప్పితే మూడో పేపరే పెంచలయ్యది. అంచుల్లో ఆకు జిగురు అంటిన నల్లటి వేలిముద్రలు. బొమ్మ లేదు, సూత్రం లేదు. "48 ఇంకా 1, మొత్తం 49. 49 × 22/7 = 154" అని ఒక వరుస. పక్కన నేను పెట్టిన సున్నా, దాని కింద "స్టెప్స్ ఎక్కడ?" అని నా రాత. "ఇంకా 1" అని వాడు రాసింది చదివే సున్నా పెట్టానో, చదవకుండానే పెట్టానో ఇప్పుడు గుర్తు లేదు. చదవకుండానే అయ్యుంటుంది. ఇరవై తొమ్మిది మార్కుల పేపర్ని ఎవరు అంత శ్రద్ధగా చదువుతారు?

మా మండలంలో లెక్కల సార్లం తలా కొన్ని ప్రశ్నలు పంచుకుని పేపర్ చేసుకుంటాం. ఈ ప్రశ్న, దాని కీ పెద్దసారువి. నాకు పదో తరగతిలో లెక్కలు చెప్పింది కూడా ఆయనే. ఇంకో మూడు నెలల్లో రిటైర్మెంట్. చేతిలో ఫోన్ పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. చివరికి చేశాను.

"వెడల్పెంత?" అన్నారు.

"ఆరు సార్."

"తాడు?"

"ఎనిమిది."

అవతల టీవీ శబ్దం ఆగిపోయింది. కాసేపటికి ఆయనే అన్నారు, "నా నోట్సులో వెడల్పు తొమ్మిదయ్యా. తొమ్మిదికైతే కీ కరెక్టే. ఏటా అదే ఇస్తున్నాడని అంటారని ఈసారి ఆరు చేశాను. అంకె మార్చాను, కీ మార్చలేదు." మళ్లీ ఆగి, "ఎవరు పట్టుకున్నారు? హారికేనా?"

"కాదు సార్. పెంచలయ్య."

"ఆ బేరన్ కాడ పిల్లోడా?" అని నవ్వారు. గ్రూపులో తనే మెసేజ్ పెడతానన్నారు. పది నిమిషాల్లో పెట్టారు కూడా, తప్పు తనదేనని ఒక్క ముక్కలో.

హెడ్మాస్టర్ గారే కాస్త నసిగారు. "ప్రీ ఫైనలే గదా సార్, నూరు అని బోర్డు మీద రాసేశాం" అన్నారు. నేనే పోయి చెరిపి తొంభై ఆరు రాశాను. చాక్‌పీస్ తడిసిందేమో, నూరు సరిగా చెరగలేదు, ఆరు కింద సున్నా కనపడుతూనే ఉంది.

హారికకు చెప్పడానికి టెన్షన్ పడ్డాను. ముందు మొహం చిన్నబుచ్చుకుంది. "కీలో అదే ఉంది గదా సార్" అంది. బొమ్మ వేసి చూపించాను. దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. "తాడు మూల తిరగద్దంటే సార్?" అని అడిగింది. ఇది మంచి ప్రశ్నే. కానీ తిరగకుండా ఆపేదెవరు? నమ్మకం కుదరనట్టే ఉంది. సాయంత్రం నా వెంట కొట్టం దగ్గరికి వస్తానంది.

పెంచలయ్య అప్పుడే బేరన్ నుంచి వచ్చి, జిగురు పోవడానికి చేతులు మట్టితో తోముకుంటున్నాడు. మార్కులు కలిపానని చెప్పాను.

"ఎంతయింది సార్?"

"ముప్పై మూడు."

వేళ్ల మీద లెక్కేసుకున్నాడు. "ఇంకా రెండు తగ్గినయ్యే."

"తగ్గినయ్. ఈ లెక్క చేసినోడివి, మిగతావి ఎందుకు చేయలేదురా?"

"వాటిల్లో బర్రె లేదు గదా సార్."

కొట్టం వెనక నుంచి హారిక గొంతు వినపడింది. టేపు పట్టుకుని గోడ మూల నుంచి గరిక బోడి అయినంత మేరా కొలుస్తోంది. "సార్, లెక్క కుదరట్లా. గుంజకి చుట్టిన తాడు, మెడకి చుట్టిన తాడు తీసేయాల గదా, అప్పుడు ఎనిమిది యాడుంటది?"

పెంచలయ్య చేతులు దులుపుకుని అటు నడిచాడు. "మెడ సాచి మేస్తది గదమ్మే. అదీ కలుపుకో."