జూన్ 22–26: బంగారుపాళ్యం నుంచి పని చేస్తున్నాను, నా టైమింగ్స్, నేను దొరకకపోతే ఎవరికి చెప్పాలి

అందరికీ నమస్కారం,

వచ్చే వారం, అంటే జూన్ 22 సోమవారం నుంచి 26 శుక్రవారం దాకా, మా ఊరి నుంచి పని చేస్తాను. చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం దగ్గర పల్లె మాది. ఇది సెలవు కాదు. ఐదు రోజులూ పనిలోనే ఉంటాను, గంటలు మాత్రం కాస్త మారతాయి. ప్రవీణ్ గారు సరేనన్నారు, ఐటీ వాళ్ల అనుమతి కూడా వచ్చింది. 29 సోమవారం బెంగళూరు ఆఫీసులో ఉంటాను.

వెళ్లేది మామిడి కోతకు. మాది నాలుగెకరాల తోతాపురి తోట. మా నాయనకు ఈ నెల మొదట్లో మోకాలి ఆపరేషన్ అయింది, ఇంకా కర్ర పట్టుకునే నడుస్తున్నారు. కూలీలను అమ్మ చూసుకుంటుంది. కానీ గుజ్జు ఫ్యాక్టరీ దగ్గర టోకెన్ తీసుకోవడం, లోడు దింపించడం, తూకం చీటీ సరిచూసుకోవడం ఆమె ఒక్కతి వల్ల కాదు. తోతాపురి చాలావరకు గుజ్జుకే పోతుంది, కోశాక ఎక్కువ రోజులు పెట్టుకోలేం. 2025 సీజన్లో మా వైపు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరాయి. ఎండలో కాయ మెత్తబడేకొద్దీ రైతు మాట చెల్లదు. ఏడాదంతా ఆయన పడిన కష్టం ఆ లైన్లో పాడైపోకూడదు, అందుకే నేను దగ్గరుండాలనుకున్నాను.

కోత తెల్లవారుజామునే మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగిస్తాం. ఫ్యాక్టరీకి లోడు రాత్రిపూట తోలుతాం. కాబట్టి మధ్యలో ఉన్న పగలంతా మీదే:

పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 1:30 వరకు
మధ్యాహ్నం 3 నుంచి సాయంత్రం 7:30 వరకు

10:15 స్టాండప్‌కు రోజూ ఉంటాను. బుధవారం ఒక్కరోజు తేడా ఉంది. నాయనను చిత్తూరులో డాక్టరుకు చూపించాలి, ఆ రోజు 3 నుంచి 5:30 వరకు దొరకను. ఆ పని రాత్రి 8 నుంచి 10:30 మధ్య పూర్తి చేస్తాను. బుధవారం 4 గంటల క్లయింట్ కాల్ నా బదులు సౌజన్య తీసుకుంటుంది. కావలసిన అంకెలన్నీ మంగళవారం సాయంత్రానికి తనకు పంపిస్తాను.

పొద్దున 10కి ముందు తోటలో ఉంటాను, అక్కడ డేటా సరిగా అందదు. చాట్‌లో మెసేజ్ పెడితే వెంటనే చూడలేను. అర్జెంట్ అయితే ఫోన్ చేయండి. రెండుసార్లు చేసినా ఎత్తకపోతే నా కోసం ఆగకుండా సౌజన్యకు చేయండి. తన నంబరు ఆన్‌కాల్ షీటులో నా పేరు కిందే ఉంది. బిల్లింగ్, రీకన్సిలియేషన్ రెండింటి మీదా నిర్ణయం తీసుకునే అధికారం తనకు ఉంది, మళ్లీ నన్ను అడగాల్సిన పని లేదు. పేమెంట్లు ఆగిపోయేంత పెద్ద సమస్య వస్తే సౌజన్యతో పాటు ప్రవీణ్ గారికీ చెప్పండి. మా చెల్లెలి నంబరు కూడా సౌజన్యకు ఇచ్చాను, నా ఫోన్ కలవకపోతే తను తోటలోకి వచ్చి చెబుతుంది.

ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉంది. సంక్రాంతికి వెళ్లినప్పుడు అక్కడి నుంచే వీపీఎన్‌లో పని చేశాను, ఇబ్బంది రాలేదు. కరెంటు పోతే యూపీఎస్ మీద రెండు గంటలు నడుస్తుంది. అంతకు మించితే బంగారుపాళ్యంలో మా పెద్దనాన్న ఇంటికి వెళ్తాను, బండి మీద పది నిమిషాలు. మారే ముందు చాట్‌లో ఒక మాట పెడతాను.

ఒక విషయంలో మాత్రం గట్టిగా ఉంటాను. గురువారం రిలీజ్ ఊరి నుంచి నేను నొక్కను. సగంలో కరెంటు పోతే రోల్‌బ్యాక్ ఎవరు చేస్తారన్న టెన్షన్ టీమ్‌లో ఎవరికీ ఉండకూడదు. ఆఫీసు నుంచి నిఖిల్ చేస్తాడు, సౌజన్య పక్కనుంటుంది, నేను కాల్‌లో ఉండి రిపోర్టులు సరిచూస్తాను. చేయాల్సిన స్టెప్పులు వరసగా రాసి రిలీజ్ టికెట్‌లో పెట్టాను. నిఖిల్, ఒకసారి చదువు. ఎక్కడ అర్థం కాకపోయినా ఈ శుక్రవారం 4 గంటలకు కూర్చుని ఇద్దరం ఒకసారి టెస్ట్ సర్వర్‌లో చేసి చూద్దాం.

నా దగ్గర ఆగిన రివ్యూలు ఈ శుక్రవారం సాయంత్రానికి ముగిస్తాను. వచ్చే వారం పొద్దున 10కి ముందు నాతో ఎవరికైనా మీటింగ్ ఉంటే గురువారంలోగా చెప్పండి, టైమ్ మార్చుకుందాం.

ఉంటాను,
హరీశ్