3,60,000 అడ్వాన్సు వాపసు: ఇప్పుడు 1,40,000, మిగతాది 2025 జూలై 31న

చర్లపల్లి, హైదరాబాద్
18 జూన్ 2025

రైస్ మిల్లు యజమాని వెంకటరెడ్డి గారికి, మిర్యాలగూడ

విషయం: జూన్ 30న ఇవ్వాల్సిన అడ్వాన్సు వాపసుకి గడువు కోరుతూ

వెంకటరెడ్డి గారూ, నమస్కారం.

రద్దయిన ఆర్డరు తాలూకు 3,60,000 రూపాయలు జూన్ 30కల్లా మీ ఖాతాలో వేస్తానని మే 26న ఒప్పుకున్నాను. ఆ రోజుకి మొత్తం సర్దలేను. గడువుకి ఇంకా పన్నెండు రోజులుంది. మీరు వేరే చెల్లింపులకు ఈ డబ్బు లెక్క వేసుకుని ఉంటే మార్చుకోడానికి వీలుంటుందని ఇప్పుడే రాస్తున్నాను.

ఎల్లుండి, జూన్ 20 శుక్రవారం, 1,40,000 ఎన్‌ఈఎఫ్‌టీ చేస్తాను. మిగిలిన 2,20,000 జూలై 31 గురువారం నాడు ఆర్‌టీజీఎస్ ద్వారా వస్తుంది. జూన్ 30 దాటిన నెల రోజులకు ఆ మిగతా మీద నూటికి రూపాయి చొప్పున 2,200 వడ్డీ కూడా కలుపుతాను. అంటే జూలై 31న మీకు చేరేది 2,22,200.

ఆలస్యానికి కారణం ఒక్కటే. మీ అడ్వాన్సులో ఎక్కువ భాగం సరుకు రూపంలో మా షెడ్డులో పడి ఉంది. ఏప్రిల్ 21న మీ డబ్బు రాగానే రెండో ఎలివేటరుకీ, అరవై అడుగుల కన్వేయరుకీ మెటీరియల్ తెప్పించాం. మే 26న మీరు ఆపమన్నప్పటికి ఎలివేటరు కేసింగ్ కటింగూ బెండింగూ అయిపోయాయి. బిల్లుల ప్రకారం ఖర్చయింది ఇదీ, జీఎస్టీ కాకుండా:

ఎంఎస్ షీటు, 3 ఎంఎం, 5 ఎంఎం కలిపి 1,100 కిలోలు, కిలో 58 చొప్పున: 63,800
లేజర్ కటింగ్, బెండింగ్: 22,000
3 హెచ్‌పీ గేర్డ్ మోటారు: 48,000
బకెట్లు 114, ఒక్కోటి 110: 12,540
ఎలివేటరు బెల్టు 30 మీటర్లు, మీటరు 780: 23,400
కన్వేయరు బెల్టు 38 మీటర్లు, మీటరు 1,650: 62,700
రోలర్లు 26, ఒక్కోటి 1,150: 29,900
ఛానల్ 350 కిలోలు, కిలో 60: 21,000
మొత్తం: 2,83,340

మీ 3,60,000లో ఇది పోగా చేతిలో మిగిలింది 76,660. కొన్న సరుకు మీద కట్టిన జీఎస్టీ నా ఇన్‌పుట్‌లో సర్దుకుంటుంది కాబట్టి దాన్ని ఈ లెక్కలోకి తేలేదు. మా కూలీల ఖర్చు కూడా ఇందులో వెయ్యలేదు.

కట్ చేసిన మెటీరియల్ విలువ మినహాయించుకోవచ్చని మన కొటేషన్ షరతుల్లో ఉంది. అయినా మొత్తం తిరిగిస్తానని మాటిచ్చాను, దాన్ని మార్చడం లేదు. డబ్బు ఎక్కడ ఆగిందో మీకు తెలియాలనే ఈ బిల్లుల లెక్క రాశాను. ఇందులో ఒక్క రూపాయి కూడా మీకు తగ్గించను.

ఇక ఎల్లుండి వచ్చే 1,40,000 సంగతి. చేతిలో ఉన్న 76,660కి గేర్డ్ మోటారు వాపసు డబ్బు కలుస్తుంది. పెట్టె విప్పలేదు కాబట్టి పది శాతం కోతతో డీలరు వెనక్కి తీసుకున్నాడు, 43,200 ఇచ్చాడు. కోత పడిన 4,800 నా ఖాతాలోదే. తక్కువ పడ్డ 20,140 నా రన్నింగ్ అకౌంటు నుంచి వేస్తున్నాను. ఇంతకు మించి తీస్తే తొమ్మిది మంది వర్కర్లకు నెలాఖరు జీతాలు ఆగుతాయి. జీతాలు ఆగితే పని ఆగుతుంది, పని ఆగితే మీ మిగతా డబ్బు వచ్చే దారే మూసుకుపోతుంది.

కేసింగ్ ముక్కల్ని తుక్కు కింద అమ్మితే డబ్బు ఇవాళే వస్తుంది కదా అని మీరు అడగవచ్చు. కిలో 32 లెక్కన 35,200 చేతికొస్తుంది. షీటుకీ కటింగ్‌కీ కలిపి పెట్టింది 85,800. యాభై వేలు పోగొట్టుకుని కూడా మీ బాకీ పూర్తిగా తీరదు. అదే సరుకు ఎలివేటరుగా బయటికి వెళ్తే పూర్తి ధర వస్తుంది, దానికి కొనేవాళ్ళు దొరికారు కూడా. వానాకాలం వడ్లు మిల్లులకు రాకముందే, జూన్ నుంచి ఆగస్టు మధ్యలో, రిపేర్లూ కొత్త బిగింపులూ ఉంటాయని మీకు తెలిసిందే. అలా వచ్చిన ఒక మిల్లు ఆర్డరు 40 అడుగుల ఎలివేటరు. మీ కేసింగ్ ఎనిమిదడుగుల సెక్షన్లు ఐదు, పైన ఐదడుగుల ముక్క ఒకటి. ఆ ముక్క తీసేస్తే వాళ్ళ ఎత్తు సరిపోతుంది. బెల్టు మూడు మీటర్లు, బకెట్లు పన్నెండు మిగులుతాయి. మోటారు వాళ్ళ దగ్గరే ఉంది. హెడ్ పుల్లీ లాగింగ్, బూట్ షాఫ్టు, పెయింటింగు మాత్రం మిగిలాయి. జూలై 22 మంగళవారం సరుకు లారీకి ఎక్కుతుంది. ఎక్కేముందే 1,75,000 కట్టాలని రాతపూర్వకంగా ఒప్పందం చేసుకున్నాం, డబ్బు పడందే లారీ గేటు దాటదు.

మీ మిగతా డబ్బుకి రెండో దారి, జూన్ 20నే డెలివరీ అవుతున్న ఒక ప్రీక్లీనర్ తాలూకు బ్యాలెన్సు 90,000. దానికి గడువు జూలై 24. ఈ రెండూ కలిపితే 2,65,000 అవుతుంది. మీకు ఇవ్వాల్సింది వడ్డీతో సహా 2,22,200.

జూలై 15 అని రాస్తే చదవడానికి మీకూ నయంగా ఉండేది, కానీ 22 లోపు అంత డబ్బు వచ్చే మార్గం లేదు. 24నే అనడం కూడా సరికాదు, మన వ్యాపారంలో ఒక బిల్లు రెండు మూడు రోజులు జారడం కొత్తేం కాదు. అందుకే వారం రోజుల వెసులుబాటు పెట్టుకుని 31 అన్నాను. 1,75,000 ఆలస్యమైతే 90,000కి నా ఓడీలోంచి 1,32,200 కలుపుతాను. 90,000 ఆలస్యమైతే ఓడీలోంచి 47,200 చాలు. ఆ ఓడీలో ఇవాళ 1,50,000 ఖాళీ ఉన్నా అది ఈ 40 అడుగుల ఎలివేటరు పూర్తి చేయడానికీ, కరెంటు బిల్లుకూ అడ్డుపెట్టుకున్నది. 22 నాటికి మిగతా అమ్మకాల డబ్బుతో ఆ చోటు మళ్ళీ ఖాళీ అవుతుంది. రెండు బిల్లులూ ఆగే పరిస్థితే వస్తే, జూలై 28న మెచ్యూర్ అయ్యే లక్ష రూపాయల డిపాజిట్ ఉంది, దాన్నీ మీకే వేస్తాను. 31 తర్వాత ఇంకో తేదీ అడిగే అవసరం రాకూడదనే ఇంత లెక్క వేశాను.

మీ చేతిలో హామీగా జూలై 31 తేదీ వేసిన 2,22,200 చెక్కు ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఆ రోజు సాయంత్రం నాలుగు లోపు ఆర్‌టీజీఎస్ యూటీఆర్ నంబరు మీకు రాకపోతే ఆగస్టు 1న చెక్కు బ్యాంకులో వేసుకోండి, నన్ను అడగక్కర్లేదు. చెక్కు మూడు నెలలు చెల్లుతుంది, తిరిగొస్తే సెక్షన్ 138 కింద నా మీద కేసు వేసే హక్కు మీకుంటుందని తెలిసే ఇస్తున్నాను. ఆర్‌టీజీఎస్ అందాక చెక్కు వెనక్కి పంపితే చాలు. దయచేసి రెండూ ఒకేసారి జరగకుండా మీ అకౌంటెంట్‌కి ఒక మాట చెప్పండి.

జీఎస్టీ పరంగా మీకు చిక్కు లేదు. సరుకు అడ్వాన్సు మీద పన్ను కట్టే పద్ధతి 2017 నవంబరు 15 నుంచి లేదు, మీ 3,60,000 కూడా పన్ను లేకుండానే తీసుకున్నాను, దాని మీద ఇన్‌వాయిస్ కూడా వెయ్యలేదు. అందువల్ల క్రెడిట్ నోటు అక్కర్లేదు, రిఫండ్ వోచరు చాలు. రెండు చెల్లింపులకూ విడివిడిగా రెండు వోచర్లు ఇస్తాను, వాటి మీద ఏప్రిల్ 21 నాటి రసీదు వోచరు నంబరు రాసి ఉంటుంది. 2,200 వడ్డీని మాత్రం వేరే లైనులో చూపిస్తాను, అసలులో కలపను.

ఇంకో దారి కూడా ఉంది, మీకు నచ్చితేనే. కన్వేయరు బెల్టు, రోలర్లు ముట్టుకోలేదు. మీ మిల్లులో పాత కన్వేయరుకి ఇవి పనికొస్తాయనుకుంటే కొన్న ధరకే, 92,600కి ఇస్తాను. జీఎస్టీ 18 శాతం, 16,668 కలిపితే 1,09,268. అది పోగా మీకు నగదుగా రావాల్సింది 1,10,732, తేదీ అదే జూలై 31, వడ్డీ ఆ తగ్గిన మొత్తం మీద 1,107. చెక్కు మార్చి ఇస్తాను. లారీ కిరాయి నాది. బెల్టు వెడల్పు 500 ఎంఎం, మీ పాత డ్రమ్ముకి సరిపోతుందో లేదో కొలిచి చూసుకున్నాకే ఒప్పుకోండి. వేరేవాళ్ళు అడుగుతున్నారు కాబట్టి జూన్ 23 సోమవారం సాయంత్రం దాకా మీ కోసం పక్కన పెడతాను. వద్దంటే పైన రాసిన ప్రకారమే నడుద్దాం, నాకు ఏదైనా సమ్మతమే.

యాసంగి వడ్ల మీద హమాలీ, కరెంటు, సంచుల ఖర్చు మీకు ఊపిరాడనివ్వని రోజులివి. ఈ నెలాఖరుకి 1,40,000 కన్నా ఎక్కువ కచ్చితంగా కావాల్సి వస్తే ఎంతో, ఏ రోజుకో చెప్పండి. ముప్ఫై, నలభై వేల వరకు జూలై మొదటి వారంలో ముందుకు జరిపే వీలు చూస్తాను. అంతకు మించి ఇప్పుడు చేయలేను.

ఈ ఏర్పాటు మీకు సమ్మతమైతే వాట్సాప్‌లో ఒక్క ముక్క ‘సరే’ అని పెట్టండి. 1,40,000 మాత్రం మీ జవాబు కోసం ఆపను, శుక్రవారం మధ్యాహ్నం లోపు పడుతుంది. మొదటి ఎలివేటరు బిల్లు డబ్బు మీరు పంపిన ఖాతాకే వేస్తున్నాను. ఖాతా మారి ఉంటే రేపు సాయంత్రంలోగా ఫోన్ చేసి చెప్పండి, మెసేజ్‌లో వచ్చిన కొత్త ఖాతా నంబరుకి ఫోన్‌లో మీ గొంతు వినకుండా డబ్బు వెయ్యను.

మీ మిల్లులో ఏప్రిల్‌లో బిగించిన మొదటి ఎలివేటరు పనులకు దీనితో సంబంధం లేదు. బెల్టు సాగి బకెట్లు కేసింగ్‌కి రాసుకుంటున్నాయని మీ ఆపరేటరు చెప్పాడు. కొత్త బెల్టు మొదట్లో అలా సాగుతుంది. టేకప్ స్క్రూలు రెండు వైపులా సమానంగా బిగించాలి, ఒక వైపే బిగిస్తే బెల్టు పక్కకి పోతుంది. జూన్ 24న మా ఫిట్టరు వచ్చి చేసి వెళ్తాడు, దానికి బిల్లు ఉండదు.

ఇట్లు,
శ్రీనివాస్
ఫ్యాబ్రికేషన్ వర్క్‌షాపు, చర్లపల్లి

జతపరిచినవి: 31-07-2025 తేదీ చెక్కు, 2,22,200, మెటీరియల్ బిల్లుల నకళ్ళు, మోటారు వాపసు రసీదు, ఏప్రిల్ 21 నాటి రసీదు వోచరు నకలు