నాలుగో వేలు

నా థీసిస్ పేజీ తిప్పడం గురించి. నవ్వొస్తుందేమో గానీ, సంగీతానికి చేత్తో నకలు రాసే రోజుల్లో అది చిన్న విషయం కాదు. వాయించేవాళ్ల రెండు చేతులూ వాద్యం మీదే ఉంటాయి. అందుకని మంచి లేఖకుడు పేజీ చివర్లో నాలుగు ఖాళీ మాత్రలు వచ్చేలా లెక్క చూసుకుని రాసేవాడు. అలాంటి నకళ్ల కోసం లైబ్రరీలో కేటలాగ్‌కెక్కని పెట్టెలు తెరుస్తున్నాను. మూడో పెట్టెలో, అచ్చు పుస్తకాల అడుగున, దారంతో కుట్టిన 46 పేజీల స్కోర్ దొరికింది. రెండు వయొలిన్లు, వయోలా, చెల్లో. పైన పేరు లేదు, తేదీ లేదు.

చేతులు వణికాయి. స్వరకర్త హైడన్ రాసిన ఒక చెల్లో కన్చెర్టో రెండు వందల ఏళ్లు కనబడకుండా పోయి 1961లో ప్రాగ్‌లో బయటపడింది. అలాంటి కథలు చదువుకున్నవాళ్లకి పేరు లేని స్కోర్ దొరికితే నిద్ర పడుతుందా! ఆ సాయంత్రమే, పాత సంగీత రాతప్రతుల వివరాలుండే RISM ఆన్‌లైన్ కేటలాగ్‌లో మొదటి స్వరాలు టైప్ చేశాను. అర నిమిషంలో తేలిపోయింది. హైడన్ క్వార్టెట్టే, అందరికీ తెలిసినదే, ఎన్నోసార్లు అచ్చయినదే. అప్పట్లో క్వార్టెట్లు ఎక్కువగా విడివిడి పార్టులుగానే అచ్చయ్యేవి. నలుగురి స్వరాలూ ఒకేచోట చూడాలనుకున్నవాళ్లు స్కోర్ చేత్తో రాసుకునేవాళ్లు. ఇదీ అలాంటిదే అనుకుని పెట్టెలో పెట్టేయబోయాను.

రెండో వయొలిన్ వరుసలో వేళ్ల అంకెలు కనిపించకపోతే పెట్టేసేదాన్నే. అంకెలు మామూలుగా పార్టులో వేసుకుంటారు, స్కోర్‌లో వేయరు. పైగా మిగతా ముగ్గురికీ ఒక్క అంకె కూడా లేదు.

నేను పదేళ్లుగా వయొలిన్ వాయిస్తున్నాను. చూపుడు వేలు 1, చిటికెన వేలు 4, ఖాళీ తీగ 0. నెమ్మదిగా సాగే భాగంలో పొడవాటి స్వరాన్ని ఖాళీ తీగ మీద వాయించడానికి ఎవరూ ఇష్టపడరు, ఆ స్వరం మిగతావాటి మధ్య పచ్చిగా మోగుతుంది. అక్కడ 4 వేస్తారు. ఈ స్కోర్‌లో అలాంటి చోటల్లా 0 ఉంది. 0 కుదరని చోట చెయ్యి కాస్త పైకి, సెకండ్ పొజిషన్‌కి జరిపి 3తో పట్టుకోమని ఉంది. ట్రిల్ అంటే ఒక వేలు స్వరం మీదుండగా పక్క వేలు పై స్వరాన్ని వేగంగా తడుతూ ఉండటం. అది మూడో వేలు మీద పడితే దాన్ని వయోలాకి ఇచ్చేశారు.

మర్నాడు మేడమ్‌కి చూపించాను.

"నేర్చుకుంటున్న పిల్లలకి రాసిచ్చారేమో. వాళ్లకి చిటికెన వేలు బలం చాలదు కదా," అన్నారు.

"అలాగైతే సెకండ్ పొజిషన్‌కి ఎందుకు పంపుతారు మేడమ్? పిల్లలకి దానికన్నా 4 వేయడమే సులువు."

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. "మొదటి పేజీలు సరిగ్గా చూశావా?"

చూడలేదు. లైట్‌ని కాగితానికి పక్కగా, బాగా కిందకి పెట్టి చూశాం. మొదటి 18 పేజీల్లో అంకెల దగ్గర కాగితం పల్చగా, గరుకుగా ఉంది. చాకుతో గీకి, పైన కొత్త అంకె వేశారు. ఆ గీతల కింద ఇంకా కనబడుతున్నాయి: 4, 4, 4. 19వ పేజీ నుంచి గీకుడు లేదు, 4 కూడా లేదు. సిరా కూడా అక్కడే మారింది. అప్పటిదాకా గోధుమరంగు, ఆ తర్వాత దాదాపు నలుపు. గీకినచోట వేసిన అంకెలదీ ఆ నలుపే.

"రాస్తూ రాస్తూ మధ్యలో ఆపారు," అన్నారు మేడమ్ మెల్లగా. "ఎంతకాలం ఆపారో."

నేనేమీ అనలేదు. ఆ ఆగిన రోజుల్లో ఆ రెండో వయొలిన్ మనిషి చేతికి ఏదో అయింది. లేఖకుడు కొత్త సిరా కలుపుకుని మళ్లీ కూర్చున్నాడు, లేదా కూర్చుంది. ముందు పేజీలకి వెళ్లి, ఒక్కొక్క 4నీ కాగితం చిరగకుండా గీకారు. ఇది నా నమ్మకం. థీసిస్‌లో ఇంత రాయలేను, అంకెలూ సిరా మారిన పేజీ నంబరూ మాత్రమే రాయగలను.

ఆ రాత్రి రెండో వయొలిన్ వరుస కాపీ చేసుకుని ఇంటికి తెచ్చాను. చిటికెన వేలు అరచేతిలోకి మడిచి రబ్బరు బ్యాండ్ వేసుకున్నాను. మొదట అన్నీ తప్పులే. 31వ పేజీలో ట్రిల్ ఉండాల్సిన చోటికి వచ్చేసరికి కట్టేసిన వేలు దానంతట అదే లేవబోయింది. అక్కడ నాకు రాసింది ఒక్కటే పొడవాటి స్వరం, 0. దాన్ని పట్టుకుని, వయోలా వాయించే మనిషి పక్కనే ఉన్నట్టు ఆ ట్రిల్ అయ్యేదాకా ఆగాను.